బస్తా ఎత్తే కాలు తూలినప్పుడు ఎందుకు ఆలస్యమవుతుంది

"మా నాన్నకి 70 ఏళ్లు. బరువు 68 కిలోలు, ఎత్తు 165 సెంటీమీటర్లు. షుగర్ లేదు. 25 కిలోల బియ్యం బస్తా ఇప్పటికీ ఎత్తి లోపల పెడతారు. కానీ బస్సు దిగేటప్పుడో, కాలికి ఏదైనా తగిలి తూలినప్పుడో కాలు టక్కున ముందుకు పడట్లేదు. పోయిన నెల రెండుసార్లు పడబోయారు. నేను కూర్చోబెట్టి లేపి చూశాను, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోడానికి 15 సెకన్లు పట్టింది. బలం ఉంది కదా, మరి ఇదేంటి? నరాల వీక్‌నెస్సా? ఏం చేయించాలి?"

మీ నాన్నగారిలో ఎక్కువగా తగ్గింది బలం కాదండీ, పవర్. బలం అంటే కండరం ఎంత బరువును కదిలించగలదన్నది. పవర్ అంటే ఆ బరువును ఎంత వేగంగా కదిలించగలదన్నది. బలాన్ని వేగంతో గుణిస్తే వచ్చేదే పవర్. మన పాఠ్యపుస్తకాల్లో దీన్నే సామర్థ్యం అంటారు. వాడుకలో ఆ మాటకి వేరే అర్థాలు ఉన్నాయి కాబట్టి ఇక్కడ పవర్ అనే రాస్తాను.

బస్తా ఎత్తేటప్పుడు టైముతో పని లేదు. నడుం సర్దుకుని, కాళ్లు సరిగ్గా వేసుకుని, మూడు సెకన్లు తీసుకుని లేపినా బస్తా లేస్తుంది. తూలినప్పుడు అలా కాదు. వెనక కాలు గాల్లోకి లేచి, ముందుకొచ్చి, నేల మీద ఆని, ఒళ్లంతటి బరువునీ ఆపడం అర సెకను అటూ ఇటూలో అయిపోవాలి. అందులో కండరం బలం పుట్టించడానికి దొరికేది సుమారు 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఐదో వంతు. కండరం తన పూర్తి బలానికి చేరడానికి మంచి వయసులో ఉన్నవాళ్లకే 300 మిల్లీసెకన్ల పైన పడుతుంది. అంటే తూలినప్పుడు ఎవరూ తమ పూర్తి బలాన్ని వాడలేరు. మొదటి 200 మిల్లీసెకన్లలో ఎంత పుట్టిందన్నదే లెక్క. బస్తా పరీక్షలో ఇది బయటపడదు.

ఇది మీ నాన్నగారి ఒక్కరి సంగతి కాదు. 1994లో ఇంగ్లండులో 65 నుంచి 89 ఏళ్ల మధ్య ఆరోగ్యంగా ఉన్న 100 మందిని కొలిచి చూశారు. ఆ వయసులో కాళ్ల బలంలో తేడా ఏడాదికి 1 నుంచి 2 శాతం ఉంటే, కాళ్ల పవర్‌లో తేడా ఏడాదికి సుమారు 3.5 శాతం ఉంది. ఒకే మనిషిని ఏళ్ల తరబడి కొలిచిన లెక్క కాదది, వేర్వేరు వయసుల వాళ్లను పోల్చిన లెక్క. అయినా రెండింటి మధ్య తేడా ఎంతో తెలుస్తుంది.

ఇలా ఎందుకవుతుందో ముందు కండరం లోపల చూద్దాం. తొడ కండరంలో సన్నటి పోగులు లక్షల్లో ఉంటాయి. వాటిలో ముఖ్యంగా రెండు రకాలు. నిదానంగా ముడుచుకుని ఎంతసేపైనా అలసిపోనివి మొదటి రకం. నిలబడటానికీ, నడవటానికీ ఇవి చాలు. టక్కున ముడుచుకుని తొందరగా అలసిపోయేవి రెండో రకం. గెంతడానికీ, పరిగెత్తి బస్సెక్కడానికీ, పడబోతే ఆపుకోవడానికీ ఇవి కావాలి. ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఒకే మందం ఉన్న నిదాన పోగునీ వేగపు పోగునీ పక్కపక్కన పెట్టి లాగిస్తే రెండింటి బలంలో పెద్ద తేడా ఉండదు. పవర్ కొలిస్తే మాత్రం వేగపు పోగు ఐదు రెట్ల వరకూ ఇస్తుంది, ఎందుకంటే అది అంత వేగంగా ముడుచుకుంటుంది.

వయసుతో ఈ పోగులకు ఏమవుతుందో 1988లో స్వీడన్ పరిశోధకుడు యాన్ లెక్సెల్ బృందం చూపించింది. 15 నుంచి 83 ఏళ్ల మధ్య హఠాత్తుగా చనిపోయిన 43 మంది మగవాళ్ల తొడ బయటి వైపు కండరాన్ని అడ్డంగా కోసి, పోగుల్ని లెక్కపెట్టారు. 20 ఏళ్ల వాళ్లతో పోలిస్తే 80 ఏళ్ల వాళ్లలో పోగుల సంఖ్యే సుమారు 40 శాతం తక్కువగా ఉంది. సంఖ్య తగ్గడం రెండు రకాల్లోనూ కనిపించింది. సన్నబడటం మాత్రం ఎక్కువగా వేగపు పోగుల్లోనే కనిపించింది. అంటే వేగపు పోగులకు దెబ్బ రెండు వైపుల నుంచి తగులుతోంది.

దీని ఫలితం తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఊహా లెక్క వేసుకుందాం. కుర్రతనంలో కండరం మందం మొత్తం 100 అనుకోండి, 50 నిదాన పోగులది, 50 వేగపు పోగులది. బలం రెండింటికీ సమానం కాబట్టి మొత్తం బలం 100. పవర్ అయితే నిదాన పోగుల నుంచి 50, వేగపు పోగుల నుంచి 50 ఐదులు 250, మొత్తం 300. ఇప్పుడు వయసుతో నిదానపు భాగం 40కి, వేగపు భాగం 25కి తగ్గిందనుకోండి. బలం 65, అంటే 35 శాతం పోయింది. పవర్ 40కి 125 కలిపితే 165, అంటే 300లో 45 శాతం పోయింది. కండరం ఒకటే, పోయిన పోగులూ అవే. అయినా పవర్‌కు పడ్డ దెబ్బ పెద్దది. పైగా ఇందులో నరాల లెక్క ఇంకా కలపనే లేదు.

నరాల మాటకొస్తే, మనవాళ్లు 'నరాల వీక్‌నెస్' అనగానే తీగలో కరెంటు నెమ్మదించిందని అనుకుంటారు. ఆ నెమ్మదింపు ఉంది కానీ చాలా చిన్నది. ఉదాహరణకు కాలి నరంలో సంకేతం సెకనుకు 50 మీటర్ల నుంచి 45 మీటర్లకు తగ్గిందనుకుందాం. నడుం నుంచి పాదం దాకా మీటరు దూరానికి ముందు 20 మిల్లీసెకన్లు పట్టేది, ఇప్పుడు 22 పడుతుంది. రెండు మిల్లీసెకన్ల తేడాకి ఎవరూ పడిపోరు.

అసలు నష్టం తీగలో కాదు, తీగ మొదట్లో ఉన్న కణంలో. వెన్నుపాములో ఉండే ఒక్కో మోటార్ నాడీకణం నుంచి ఒక తీగ బయల్దేరి, కండరంలోకి వెళ్లాక చాలా కొమ్మలుగా చీలి, ఒక్కో కొమ్మ ఒక్కో పోగుకు అంటుకుంటుంది. కాలి కండరాల్లో ఒక్కో కణం కింద వందల నుంచి వెయ్యికి పైగా పోగులుంటాయి. ఆ కణమూ దాని కింది పోగులూ కలిపి ఒక మోటార్ యూనిట్. కణం సంకేతం పంపితే దాని కింది పోగులన్నీ కలిసే ముడుచుకుంటాయి. నిదాన పోగుల కణాలు వేరు, వేగపు పోగుల కణాలు వేరు.

కాళ్లను నడిపించే ఈ కణాల్ని 1977లో టామ్లిన్సన్, ఇర్వింగ్ అనే ఇద్దరు 13 నుంచి 95 ఏళ్ల వాళ్ల వెన్నుపాముల్లో లెక్కపెట్టారు. 60 ఏళ్ల దాకా చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. ఆ తర్వాత సంఖ్య పడిపోతూ వచ్చింది. కొందరిలో కుర్రవాళ్లకు ఉన్నదాంట్లో సగమే మిగిలాయి. పెద్ద వయసులోనూ కొందరు చురుగ్గా ఉండి, కొందరు తొందరగా నెమ్మదించడానికి ఈ తేడా ఒక కారణం కావచ్చు.

ఒక కణం పోతే దాని కింది పోగులు అనాథలవుతాయి. అవి వెంటనే చావవు. పక్క పోగుల్ని నడిపిస్తున్న వేరే కణం తన తీగ నుంచి కొత్త కొమ్మ వేసి, వాటిని తన కిందకు తెచ్చుకుంటుంది. పక్క రైతు పొలం వదిలేస్తే మన కాలువకు పిల్ల కాలువ తవ్వి ఆ మడినీ తడిపినట్టన్నమాట. దీనివల్ల చాలా పోగులు బతుకుతాయి, అందుకే బలం అంత తొందరగా పడిపోదు. మీ నాన్నగారు ఇప్పటికీ బస్తా ఎత్తగలగడంలో ఈ మరమ్మతుకు పెద్ద వాటా ఉంది.

కానీ దీనికో మూల్యం ఉంది. ఎక్కువగా పోయేవి వేగపు పోగుల్ని నడిపే పెద్ద కణాలు, వాటి పోగుల్ని దత్తత తీసుకునేవి తరచుగా నిదాన కణాలు. పోగు స్వభావాన్ని చాలావరకు దాన్ని నడిపే నరమే నిర్ణయిస్తుంది. నిదాన కణం కిందకు చేరిన వేగపు పోగు కొన్ని నెలల్లో తానూ నిదాన పోగుగా మారుతుంది. ముసలివారి కండరం ముక్కను రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే ఇది కళ్లకు కడుతుంది. కుర్రవాళ్లలో ముదురు, లేత గళ్లు చదరంగం బల్లలా కలిసి ఉంటాయి. పెద్దవాళ్లలో ఒకే రంగు గళ్లు గుంపులు కట్టి కనిపిస్తాయి. ఒక గుంపులోని పోగులన్నీ ఒకే కణం కిందకు చేరాయని దానర్థం. ఏ కొమ్మా అందని పోగులు ఎండిపోయి వాటి చోటును కొవ్వూ, పీచూ ఆక్రమిస్తాయి.

దానికితోడు మిగిలిన కణాలు సంకేతాలు పంపే తీరు కూడా మారుతుంది. టక్కున కాలు కదపాల్సి వచ్చినప్పుడు కుర్రవాళ్లలో ఒక్కో కణం మొదట్లోనే దగ్గరదగ్గరగా కొన్ని సంకేతాలు వెంటవెంటనే కురిపిస్తుంది. ఆ మొదటి జల్లే కండరాన్ని ఒక్కసారిగా బిగిస్తుంది. 2008లో బ్రస్సెల్స్ పరిశోధకులు మోకాలి కింద ముందువైపు కండరంలో, అంటే నడిచేటప్పుడు కాలివేళ్లు నేలకు తగలకుండా ఎత్తే కండరంలో దీన్ని కొలిచారు. పెద్దవాళ్లలో వేగంగా బిగించేటప్పుడు కణాలు సంకేతాలు పంపే జోరు తగ్గిందనీ, బిగింపు నెమ్మదించడం దానితో కలిసే కనిపించిందనీ తేలింది. నిదానంగా పూర్తి బలంతో లాగేటప్పుడు ఈ లోటును చాలావరకు కప్పిపుచ్చుకోవచ్చు, ఎందుకంటే సంకేతాలు పోగవడానికి టైము ఉంటుంది. తూలినప్పుడు ఆ టైము ఉండదు. మీరడిగిన ప్రశ్నకు మూలం ఇక్కడే ఉంది.

ఇప్పుడు మీరు కొలిచిన 15 సెకన్లను వాడుకుందాం. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో పెట్టుకున్న హద్దు ప్రకారం ఐదుసార్లు కుర్చీలోంచి లేవడానికి 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కాళ్ల పని తగ్గినట్టు లెక్క. ఆ టైమును పవర్‌గా మార్చడానికి స్పెయిన్ పరిశోధకులు 2018లో ఇచ్చిన సూత్రం ఇంట్లోనే వేసుకోవచ్చు:

```
పవర్ (వాట్లు) = బరువు × 0.9 × 9.81 × (ఎత్తు × 0.5 − కుర్చీ ఎత్తు) ÷ (సమయం × 0.1)
```

బరువు కిలోల్లో, ఎత్తులు మీటర్లలో, సమయం సెకన్లలో వేయాలి. లేచేటప్పుడు ఒంటి బరువులో దాదాపు 90 శాతాన్ని కాళ్లు పైకి నెడతాయి కాబట్టి 0.9. లేచి కూర్చోవడంలో సగం టైమే లేవడానిది, ఐదుసార్లు కాబట్టి మొత్తం టైములో పదో వంతు, అదే 0.1.

మీ కుర్చీ ఎత్తు 45 సెంటీమీటర్లు అనుకుంటే, 68 × 0.9 × 9.81 అంటే సుమారు 600 న్యూటన్లు. ఎత్తులో సగం 0.825, అందులోంచి 0.45 తీసేస్తే 0.375 మీటర్లు. రెండింటినీ గుణిస్తే 225. దాన్ని 1.5తో భాగిస్తే 150 వాట్లు, కిలో బరువుకు 2.2 వాట్లు. అదే మనిషి 11 సెకన్లలో చేస్తే 205 వాట్లు, కిలోకు 3 వాట్లు. రెండుసార్లూ లేపింది అదే బరువు, అదే ఎత్తుకు. మారింది టైము ఒక్కటే. మగవాళ్లలో కిలోకు సుమారు రెండున్నర, ఆడవాళ్లలో సుమారు రెండు కన్నా తగ్గితే పవర్ తక్కువగా ఉన్నట్టు చూస్తారు. ఈ హద్దులు యూరప్ వాళ్ల మీద కట్టినవి కాబట్టి ఖచ్చితమైన గీతలా పట్టుకోకండి. ఆయన అంకెను ఆయన పాత అంకెతోనే పోల్చుకుంటూ వెళ్లడం మేలు.

కొలత తప్పు పోయే చోట్లు కొన్ని ఉన్నాయి. చేతులు ఛాతీ మీద కట్టుకోవాలి, కుర్చీ చేతుల్ని పట్టుకుంటే లెక్క చెడుతుంది. ప్రతిసారీ మోకాళ్లు పూర్తిగా చాపి నిలబడాలి. వీపు నిటారుగా, కూర్చున్న చోటు నుంచి మొదలై ఐదోసారి లేచి మళ్లీ కూర్చునే దాకా టైము చూడాలి. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది, గోడకు ఆనించి పెట్టండి.

ఇక చేయించాల్సింది. రోజూ ఆరు కిలోమీటర్లు నడుస్తున్నా పవర్ తగ్గుతూనే ఉండటం పెద్దవాళ్లకు వ్యాయామం చేయించేవాళ్లు నిత్యం చూసే విషయం. కారణం ఏమిటంటే, మెదడు చిన్న కణాల్ని ముందు పిలుస్తుంది, అవి చాలకపోతేనే పెద్దవాటిని పిలుస్తుంది. మామూలు నడకకు నిదాన పోగులు చాలు, వేగపు పోగులకు ఆ గంటలో పెద్దగా పని పడదు. వాటికి పని పెట్టాలంటే బరువైనా ఎక్కువుండాలి, వేగమైనా ఉండాలి. వీలైనంత వేగంగా చేయబోతే తక్కువ బరువుకే పెద్ద కణాలు తొందరగా పలుకుతాయి. 70 ఏళ్ల వాళ్లకు వేగం దారి సులువు. ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 30 నుంచి 60 శాతం చాలు, పైకి వెళ్లేటప్పుడు వేగంగా, దిగేటప్పుడు నెమ్మదిగా.

మీ నాన్నగారికైతే కుర్చీతోనే మొదలుపెట్టండి. ఐదు నిమిషాలు ఇంట్లో అటూ ఇటూ నడిచాక, చేతులు కట్టుకుని, ఊపిరి వదులుతూ వీలైనంత వేగంగా లేవాలి. మనసులో మూడు లెక్కపెట్టుకుంటూ నెమ్మదిగా కూర్చోవాలి. ఇలా ఆరుసార్లు, తర్వాత రెండు నిమిషాలు విశ్రాంతి. మొత్తం మూడు విడతలు, వారంలో మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ. ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. కాళ్లు మండేదాకా ఇరవై ముప్పైసార్లు చేయిస్తారు. అలసట వచ్చాక ప్రతి లేవడమూ నెమ్మదిస్తుంది, అప్పుడు తయారయ్యేది ఓపికే, పవర్ కాదు. ముందటి దానికంటే కంటికి తెలిసేంత నెమ్మదిగా లేచారంటే ఆ విడత అక్కడికి ఆపేయాలి. లేచే వేగం చూడటమే పక్కన నిలబడ్డవాళ్ల పని.

మోకాలు నొప్పెడితే గట్టి దిండు వేసి కుర్చీ ఎత్తు పెంచండి, వేగం మాత్రం తగ్గించొద్దు. ఐదుసార్లకు 10 సెకన్ల లోపు పడుతుంటే వీపున బ్యాగులో మూడు నాలుగు కిలోలు పెట్టవచ్చు. ఊపిరి బిగబట్టి లేస్తే బీపీ ఎగుస్తుంది. ధబీమని కూలబడితే నడుముకు దెబ్బ, మోకాళ్లకు నొప్పి. లుంగీ కాళ్లకు చుట్టుకుంటుంది, ప్యాంటు వేయించండి. సాక్సులతో చేయనివ్వకండి.

దీనితోపాటు వంటింటి గట్టు పట్టుకుని మడమలు వేగంగా ఎత్తి నెమ్మదిగా దించడం, ఎనిమిదేసి చొప్పున రెండు విడతలు. ఆఖర్న తూలడానికి దగ్గరగా ఉండే సాధన ఒకటి. ఆయన్ని గోడ పక్కన, చేయి చాస్తే గోడ అందేలా నిలబెట్టి, మీరు ఎదురుగా నిలబడి ఉన్నట్టుండి "కుడి" అనో "ఎడమ" అనో అనండి. అన్న కాలు టక్కున పెద్ద అంగ ముందుకు వేసి ఆగాలి. ఏ కాలో ముందుగా తెలియకూడదు, ఎప్పుడంటారో కూడా తెలియకూడదు. పది అంగలు చాలు. బీపీ అదుపులో లేకపోయినా, గుండె జబ్బు ఉన్నా, తుంటికి, మోకాలికి ఆపరేషన్ అయి ఎక్కువ కాలం కాకపోయినా డాక్టరును అడగకుండా ఇవేవీ మొదలుపెట్టొద్దు.

ఇంకో మాట. నేను పైన చెప్పిన మార్పు ఏళ్ల మీద, రెండు కాళ్లలోనూ దాదాపు సమానంగా వస్తుంది. ఒక కాలే తేడాగా ఉన్నా, వారాల్లో ముదిరినా, పాదం జారవిడిచినట్టు పడుతున్నా, కండరం దానంతటదే పురుగు పాకినట్టు అదురుతున్నా, అరికాళ్లు మొద్దుబారి చెప్పు జారినా తెలియకపోయినా అది వయసు ఖాతాలో రాసేది కాదు. న్యూరాలజిస్టుకు చూపించండి. బీ12 లోపం ఉంటే అదీ నరాల్ని దెబ్బతీస్తుంది, రక్తపరీక్షలో తెలుస్తుంది, దానికి మందు పనిచేస్తుంది. లోపం లేకుండా బీ కాంప్లెక్స్ మాత్రలు మింగితే పోయిన మోటార్ కణాలు తిరిగి రావు. ఆ మాటకొస్తే వ్యాయామంతోనూ రావు. వ్యాయామం చేసేది మిగిలిన కణాలు సంకేతాల్ని మళ్లీ జోరుగా పంపేలా చేయడం, మిగిలిన వేగపు పోగుల్ని లావెక్కించడం.

ఈ రెండూ ఒకేసారి రావు. మొదటి కొన్ని వారాల్లో కనిపించే మెరుగు చాలావరకు నరాలది, ఆ దశలో తొడ చుట్టుకొలత టేపుతో చూస్తే ఏమీ మారనట్టే ఉంటుంది. పోగులు లావెక్కడం కంటికి కనిపించాలంటే రెండు మూడు నెలలు పడుతుంది. అందుకని టేపు పక్కన పెట్టి, నెలకోసారి అదే కుర్చీ, అదే చోటు, పొద్దున అదే వేళకు ఐదుసార్లు లేపి టైము రాసుకోండి. 15 నుంచి 13కి వస్తే పై సూత్రం ప్రకారం 150 వాట్లు 173 అయినట్టు.